దమ్ము ముందు చెప్పాల్సిన మాట

వ్యవసాయ యంత్రాలు తయారుచేసే చిన్న సంస్థలు కూడా ఇప్పుడు తమ యంత్రాల గురించి వ్యాసాలు రాయిస్తున్నాయి, వీడియోలు తీయిస్తున్నాయి. మూడు నెలలకు ఒకసారి కూర్చుని, ఏ వారం ఏం విడుదల చేయాలో పట్టిక వేసుకుంటున్నాయి. అలాంటి పట్టికలో మామూలుగా ఏం ఉంటుంది? సంక్రాంతి శుభాకాంక్షలు, గణతంత్ర దినం, ఉగాది, సంస్థ వార్షికోత్సవం, ప్రదర్శనలో పెట్టిన స్టాల్ ఫొటోలు. నడుమ ఖాళీగా మిగిలిన వారాల్లో కొత్త మోడల్ నాలుగు వైపుల నుంచి తీసిన దృశ్యాలు. పట్టిక నిండుగానే కనిపిస్తుంది. కానీ ఆ యంత్రం కొన్న మనిషి ఏడాది పొడవునా ఏ నెలలో ఏ పని చేస్తాడో, ఏ వారం ఏ ఇబ్బంది పడతాడో అందులో ఎక్కడా ఉండదు. నేను ఇవాళ చెప్పదలచినది ఇదే. ఈ మూడు నెలల పట్టికను ఆఫీసు గోడ మీది క్యాలెండరు చూసి కాదు, పొలం పనులను చూసి వేయాలి. అలా వేయడం మొదలుపెడితే మరో రెండు విషయాలు వాటంతట అవే తేలతాయి. వీడియో తీసే రోజు, దాన్ని విడుదల చేసే రోజుకు ఒక పంటకాలం ముందు ఉండాలి. అంత ముందుగా కష్టపడి తీసినదాన్ని ఒక్కసారి చూపించి వదిలేయకుండా, పలు రూపాల్లో వాడుకునేలా మొదటి నుంచే కట్టుకోవాలి.

మాట గాలిలో తేలకుండా ఒక ఉదాహరణ తీసుకుందాం. రోటావేటర్లు తయారుచేసే ఒక సంస్థను ఊహించుకోండి. కృష్ణా, గోదావరి డెల్టాల్లోనూ, తెలంగాణలో వరి సాగయ్యే జిల్లాల్లోనూ దాని యంత్రాలు అమ్ముడవుతున్నాయి. జూలై, ఆగస్టు, సెప్టెంబరు నెలలకు పట్టిక వేయాలి. మొదట తెరవాల్సింది సర్వీసు విభాగంలో ఉన్న ఫిర్యాదుల రిజిస్టరు. అందులో తేదీ, ఊరు, మోడల్, తయారీ ఏడాది, ఫిర్యాదు రాసి ఉంటాయి. గత రెండు మూడు ఏళ్ల పేజీలు తిరగేస్తే ఒక్కో ఫిర్యాదు ఏడాదిలో ఒక్కో చోట కుప్పపడి కనిపిస్తుంది. మెట్ట దున్నకాల్లో బ్లేడ్లు విరిగిన కబుర్లు, బోల్టులు ఊడిన కబుర్లు వస్తాయి. దమ్ము రోజుల్లో మాత్రం ఒకే మాట మళ్లీ మళ్లీ వస్తుంది: గేర్ ఆయిల్‌లోకి నీళ్లు వెళ్లాయి, బేరింగు పోయింది. ఈ మూడు నెలలకు ముఖ్యాంశం అదే. పది విషయాలు ఎంచుకుని పదింటినీ పైపైన తడమడం కంటే, ఈ ఒక్కదాన్ని అడుగు దాకా చెప్పడం మేలు.

ఆ ఇబ్బంది ఎలా పుడుతుందో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ముందు ముందు చెప్పబోయే ప్రణాళిక అంతా దాని మీదే నిలబడుతుంది. రోటావేటర్‌లో బ్లేడ్లు బిగించిన అడ్డ ఇరుసు తిరుగుతూ ఉంటుంది. ఆ ఇరుసు కొసల దగ్గర బేరింగులు, వాటిని కాపాడుతూ రబ్బరు పెదవి ఉన్న ఆయిల్ సీళ్లు ఉంటాయి. దమ్ములో ఆ కొసలు బురద నీళ్లలో మునిగి తిరుగుతాయి. పాత పంట కొయ్యకాళ్లు, గడ్డి, గట్ల మీద పడి ఉన్న ప్లాస్టిక్ తాడు, ఇనుప తీగ ఇరుసుకు చుట్టుకుని మెల్లగా కొసకు జరుగుతాయి. అక్కడ సీలు అంచును కొరికేస్తాయి. సీలు తెగితే నూనె బయటికి, నీళ్లు లోపలికి. నీళ్లు కలిసిన గేర్ ఆయిల్ తెల్లబడి పాలు కలిపిన టీ రంగుకు వస్తుంది. ఆ దశలో గుర్తుపడితే పాత నూనె తీసేసి, లోపల శుభ్రం చేసి, సీలు మార్చి, కొత్త నూనె పోస్తే సరిపోతుంది. గుర్తుపట్టకపోతే బేరింగు తుప్పు పట్టి, గరగరమని చప్పుడు చేసి, చివరికి ఇరుసునూ గేర్లనూ దెబ్బతీస్తుంది. చిన్న రబ్బరు ముక్కతో పోయేదానికి పెద్ద రిపేరు మీద పడుతుంది. అదీ నారు ముదిరిపోతున్న వారంలో, ఊళ్లో ట్రాక్టర్లన్నీ బిజీగా ఉన్నప్పుడు.

ఇక తేదీల సంగతి. ఈ సమాచారం ఎప్పుడు అందాలి? ఆగస్టు నెలాఖరున అందితే ఎవరికీ పనికిరాదు, అప్పటికి నాట్లు అయిపోతాయి. ఏప్రిల్‌లో అందినా ప్రయోజనం తక్కువే, అప్పుడు ఎవరికీ ఆ ఇబ్బంది గుర్తుండదు. డెల్టాల్లో సార్వాకు కాలువలకు నీళ్లు వదలడం మామూలుగా జూన్, జూలై నెలల్లో జరుగుతుంది. ఆ తేదీని ప్రభుత్వం ముందుగా ప్రకటిస్తుంది. నారు పోసిన తరువాత అది 25 నుంచి 30 రోజుల వయసుకు వస్తే నాటుకు పనికొస్తుంది, కాబట్టి దమ్ము జోరు నారు పోసిన మూడు నాలుగు వారాలకు అందుకుంటుంది. బోర్ల కింద సాగయ్యే తెలంగాణ ఊళ్లలో ఇది వానను బట్టి ముందూ వెనకా అవుతుంది. అందుకే పట్టికలో 'జూలై 7' అని రాయకండి. 'కాలువకు నీళ్లు వదిలిన వారం' అని రాయండి. దాని కింద 'నారు పోసిన మూడో వారం' అని రాయండి. వానలు పది రోజులు వెనక్కి పోతే పట్టిక కూడా దానంతట అదే పది రోజులు వెనక్కి జరుగుతుంది. తేదీ వేసుకున్న పట్టిక మాత్రం వాన లేని వారంలో దమ్ము గురించి మాట్లాడుతుంది. ఎండిపోయిన నారుమడి గట్టున నిలబడిన రైతుకు అది చూస్తే ఒళ్లు మండుతుంది.

మూడు నెలలంటే 13 వారాలు. అన్నీ నింపేయాలన్న ఆత్రం మంచిది కాదు. మన ఊహా సంస్థ విషయంలో తొమ్మిది వారాలకు పని రాసుకుని, నాలుగు వారాలు ఖాళీగా వదిలేయమంటాను. దమ్ము మొదలయ్యాక ఫోన్లో వచ్చే ప్రశ్నలు ఉంటాయి. ఫలానా మట్టిలో బ్లేడు త్వరగా అరిగిందని ఒకరు, గట్టు ఎక్కేటప్పుడు యంత్రాన్ని పైకెత్తితే పీటీవో షాఫ్టు టకటక కొట్టుకుంటోందని ఒకరు అడుగుతారు. వాటికి జవాబు చెప్పే చోటు ఆ ఖాళీ వారాలే. వాటిని ముందే నింపేస్తే వచ్చిన ప్రశ్న సెప్టెంబరు దాకా వరసలో నిలబడాలి.

వీడియో తీసే రోజు దగ్గరే చాలా సంస్థలు దెబ్బతింటాయి. జూలైలో దమ్ము వీడియో కావాలని జూన్ చివర గుర్తొస్తుంది. అప్పటికి నీళ్లున్న మడి దొరకడం కష్టం. ఫ్యాక్టరీ ఆవరణలో నాలుగు ట్యాంకర్ల నీళ్లు పోయించి, రంగు చెదరని కొత్త యంత్రాన్ని అందులో తిప్పుతారు. దమ్ము చక్రాలు కూడా బిగించని ఆ ట్రాక్టరును చూడగానే రైతు పసిగట్టేస్తాడు. లేదంటే నిజంగా దమ్ము మొదలయ్యాక జూలైలో పొలానికి వెళ్లి తీస్తారు, కోత, కూర్పు, తనిఖీ అన్నీ అయ్యేసరికి నాట్లు పూర్తవుతాయి. మరి సరైన రోజు ఏది? మనకు వరి ఏడాదికి రెండుసార్లు. దాళ్వాకు, యాసంగికి డిసెంబరు, జనవరి నెలల్లో దమ్ము చేస్తారు. జూలైలో చూపించాల్సిన దృశ్యం అప్పుడు తీయాలి. జూలైలో తీసినది జనవరికి పనికొస్తుంది. అంటే ప్రతి మూడు నెలల పట్టికకూ రెండు వరసలు ఉండాలి: ఇప్పుడు విడుదల చేసేవి ఒక వరస, ఇప్పుడు తీసి దాచేవి మరో వరస. రెండో వరస లేని పట్టికను సగం పట్టికగానే లెక్కేస్తాను. మొదటి ఏడాది ఈ పద్ధతి మొదలుపెట్టేవారికి చేతిలో నిల్వ ఉండదు కదా అంటే, నిజమే. ఆ మొదటి సీజనుకు రాతలూ, ఫొటోలూ, మెకానిక్ గొంతుతో చిన్న ఆడియోలూ విడుదల చేసుకుని, కెమెరాను తరువాతి సీజను కోసం తిప్పడమే దారి.

దృశ్యాలతో పాటు చెడిపోయిన వస్తువులనూ సీజనులోనే పోగేయాలి. తెగిన సీలు, తీగ చుట్టుకున్న ఇరుసు కొస, తెల్లబడిన నూనె సర్వీసు కేంద్రానికి వచ్చిన రోజే ఫొటో తీయాలి. ఆ నూనెను సీసాలో నిలవ ఉంచితే నీళ్లు కొంత అడుగుకు తేరుకుని రంగు మారిపోతుంది, తరువాత చూపిస్తే రైతు తన గేర్ బాక్సులో చూసే రంగుకూ దానికీ పొంతన ఉండదు. మెకానిక్‌కు ఒక ఫోనూ, తెల్ల కాగితమూ ఇచ్చి, విప్పిన ప్రతి భాగాన్నీ ఆ కాగితం మీద పెట్టి మోడల్ నంబరుతో ఫొటో తీయమంటే చాలు. దీనికి వేరే ఖర్చేమీ లేదు.

ఒకదాన్ని పలు రూపాల్లో వాడుకోవడం అనగానే, పొడుగు వీడియో తీసి దాన్ని ముక్కలు కోయడం అనుకుంటారు. కోశాక చూస్తే ముక్కలు నిలబడవు. 'ఇందాక చూపించాం కదా, ఆ బోల్టు' అంటుంది ఒక ముక్క. ఏ బోల్టో ఆ ముక్క చూసేవాడికి తెలియదు. అడ్డంగా తీసిన దృశ్యాన్ని ఫోనుకు సరిపోయేలా నిలువుగా కోస్తే గేర్ బాక్సు సగం తెగిపోతుంది. ట్రాక్టరు నడుస్తుండగా మాట్లాడిన మాటలు చప్పుడులో కలిసిపోతాయి. ఇవన్నీ కోసేటప్పుడు సరిదిద్దలేని లోపాలు, తీసేముందే చూసుకోవాలి. అందుకని పని రాతతో మొదలవ్వాలి. ముందు పూర్తి వ్యాసం రాసి, సర్వీసు ఇంజినీరుతో సరిచూయించాలి. నూనె రకం తప్పు రాస్తే కొట్టేసి రాసుకోవచ్చు, కెమెరా ముందు తప్పు చెబితే మళ్లీ తరువాతి దమ్ము దాకా ఆగాలి. ఆ వ్యాసాన్ని నాలుగు భాగాలు చేయాలి. నీళ్లు వెళ్లాయని ఎలా తెలుస్తుంది, ఎందుకు వెళ్లాయి, ఏం చేయాలి, వెళ్లకుండా రోజూ ఏం చూసుకోవాలి. ప్రతి భాగం మొదటి వాక్యంలోనే యంత్రం పేరూ, ఇబ్బంది పేరూ రావాలి. అప్పుడు ఏ భాగాన్ని విడదీసినా దాని కాళ్ల మీద అది నిలబడుతుంది. వివరణ అంతా ఇంజను ఆపి, యంత్రాన్ని నేలకు దించి చెప్పాలి. నడిచే దృశ్యాలు వేరుగా తీయాలి. ముఖ్యమైన భాగాన్ని ఒకసారి అడ్డంగా, ఒకసారి నిలువుగా రెండుసార్లు తీయాలి. పీటీవో షాఫ్టు మీది కవచాన్ని చూపించడం కోసం విప్పితే, ఇంజను ఆపాకే విప్పినట్టు కనబడాలి. జనం మాట వినే కంటే చేతులు చూసి నేర్చుకుంటారు.

ఇంకో జాగ్రత్త. ధర, రాయితీ శాతం, వారంటీ గడువు వీడియోలో నోటితో చెప్పకూడదు. ఏటా మారేది ఒక్క వాక్యం వీడియోలో ఉన్నా, మిగిలిన పది నిమిషాలు దానితో పాటే పాతబడతాయి. అలాంటివి రాతలో ఉంచితే మార్చుకోవడం తేలిక.

ఇలా తీసిన పది నిమిషాల వీడియో నుంచి ఏయే రూపాలు వస్తాయో, ఎవరికి ఏది చేరాలో చూద్దాం. నీళ్లు వదిలిన వారంలో 'రోజూ ఏం చూసుకోవాలి' అన్న చిన్న నిలువు వీడియో ట్రాక్టరు నడిపే కుర్రాడికి చేరాలి. సాయంత్రం పని ఆపగానే ఇంజను ఆపి ఇరుసు కొసల్లో చుట్టుకున్న గడ్డీ తీగా తీసేయడం, నూనె మట్టం చూడడం, అంతే అందులో ఉంటుంది. దమ్ము జోరందుకున్న వారంలో 'పాలు కలిపిన టీ రంగు' గుర్తు చూపే చిన్న వీడియో, దానితో పాటు నలభై సెకన్ల ఆడియో డీలర్ల వాట్సాప్ గుంపుకు వెళ్లాలి. పూర్తి వీడియో ఊళ్లో మెకానిక్ కోసం, సీలు ఎటు తిప్పి బిగించాలో అతనికి కావాలి. రాత అతనికే మళ్లీ అవసరం పడుతుంది, ఎందుకంటే ఏ మోడల్‌కు ఏ నంబరు సీలు, ఏ రకం నూనె ఎన్ని లీటర్లు అన్నది వీడియోలో వెతుక్కోలేడు, కాగితం మీద వెంటనే చూసుకుంటాడు. ఆ వివరాలనే ఒక బొమ్మల పేజీగా అచ్చువేసి డీలరు షాపు గోడకు అంటించవచ్చు. సెప్టెంబరులో, పని సద్దుమణిగాక, ఇదే సరుకు యంత్రంతో పాటు ఇచ్చే పుస్తకంలో ఇబ్బందుల అధ్యాయంలోకి చేరాలి. గోదావరి వైపు దాళ్వా అని, తెలంగాణలో యాసంగి అని వెతుకుతారు కాబట్టి శీర్షికల్లో రెండు మాటలూ ఉండాలి. చూశారా, ఇక్కడ ఏ రెండు రూపాలూ ఒకే పని చేయడం లేదు. అడిగే మనిషి మారాడు, అడిగే ప్రశ్న మారింది.

దీనికి అభ్యంతరాలు ఉన్నాయి. మొదటిది బలమైనదే. రోజూ ఏదో ఒకటి పెట్టకపోతే జనం మరచిపోతారు, వీడియోలు చూపించే వేదికలు కూడా మనల్ని వెనక్కి నెడతాయి అంటారు. వినోదం అమ్ముకునే వారి విషయంలో ఇది నిజం కావచ్చు. రోటావేటర్ కొనే మనిషి మాత్రం ఏళ్లకు ఒకసారి కొంటాడు, ఇబ్బంది పడినప్పుడు వెతుకుతాడు. అతను వెతికే ప్రశ్న ప్రతి దమ్ముకూ తిరిగి వస్తుంది, కాబట్టి ఒకసారి సరిగా చెప్పిన జవాబు ఏటా పనిచేస్తుంది. అనుమానం ఉంటే యూట్యూబ్ లెక్కల్లోనే చూసుకోవచ్చు. చూసినవారు ఏ మాట వెతికి వచ్చారో అది చూపిస్తుంది. పండగ శుభాకాంక్షల వీడియోను, సీలు మార్చే వీడియోను పక్కపక్కన పెట్టి ఆరు నెలల తరువాత ఆ లెక్క తీయండి.

రెండో అభ్యంతరం అమ్మకాల విభాగం నుంచి వస్తుంది. మా యంత్రంలో సీలు తెగుతుందని మేమే చాటుకోవాలా అని. బురదలో తిరిగే ఏ యంత్రానికైనా సీలు అరుగుతుంది, ఈ సంగతి కొనేవాడికి అమ్మేవాడి కంటే బాగా తెలుసు. దాచిన సంస్థ గురించి ఊళ్లో మెకానిక్ చెబుతాడు, అదీ తన మాటల్లో. నాగళ్లు తయారుచేసిన అమెరికా సంస్థ జాన్ డీర్ 1895లోనే 'ది ఫర్రో' అనే పత్రిక మొదలుపెట్టింది, అది ఇప్పటికీ వస్తోంది. తన సరుకు పొగడ్తలకే కాక సేద్యపు పనులకూ అందులో చోటు ఇచ్చింది. ఆ సంస్థ పెరగడానికి పత్రికే కారణమని నేను అనను, కారణాలు చాలా ఉంటాయి. కానీ కొన్నవాడి పని గురించి మాట్లాడితే అమ్మకం చెడిపోతుందన్న భయానికి ఆధారం లేదని చెప్పడానికి అది చాలు. అయితే ఒక హద్దు ఉంది. ఒకే మోడల్‌లో, ఒకే ఏడాది తయారైన యంత్రాల్లోనే సీళ్లు ఎక్కువగా పోతుంటే అది వాడకం లోపం కాదు, తయారీ లోపం. దాన్ని రైతు జాగ్రత్త పాఠంగా మార్చి వీడియో తీయడం మోసమే అవుతుంది. అందుకే రిజిస్టరులో మోడల్, తయారీ ఏడాది కూడా చూడాలి.

ఫలితం ఎలా తెలుస్తుంది? ఎంతమంది చూశారన్నది ఇక్కడ పెద్దగా చెప్పదు. వచ్చే సీజను రిజిస్టరులో సీలు ఫిర్యాదులు తగ్గాయా అని చూడాలి. తగ్గినా వెంటనే జబ్బలు చరుచుకోకూడదు. నీళ్లు తక్కువై వరి సాగే తగ్గి ఉండవచ్చు. అందుకని మనం ఏమీ చెప్పని మరో దమ్ము ఫిర్యాదుతో పోల్చాలి. రెండూ సమానంగా తగ్గితే అది కాలం చేసిన పని, సీలుది మాత్రమే ఎక్కువ తగ్గితే మన మాట చేరినట్టు. మరో గుర్తు డీలర్ల ఆర్డర్లలో కనిపిస్తుంది. సీళ్ల ఆర్డర్లు దమ్ము మధ్యలో హడావిడిగా కాక, నీళ్లు వదలకముందే వస్తుంటే, వినాల్సినవారు విన్నారన్నమాట. ఫిర్యాదులు కాస్త పెరిగినా కంగారు పడనక్కర్లేదు. ముందే గుర్తుపట్టి ఫోన్ చేసేవారు పెరిగి ఉండవచ్చు, అప్పుడు బేరింగు పోయిన ఫిర్యాదులు తగ్గాయేమో చూడాలి.

చివరగా చాలామంది పట్టించుకోని ఒక పని ఉంది. డిజైను మారితే పాత మాటలు ఏమవుతాయి? వచ్చే ఏడాది సంస్థ సీలు కొలత మార్చిందనుకోండి. పాత నంబరు వ్యాసంలో ఉంటుంది, వీడియోలో ఉంటుంది, డీలరు గోడ మీద ఉంటుంది, ఎవరి ఫోనులోనో ఆడియోగా ఉంటుంది. ఒకటి నుంచి పలు రూపాలు పుట్టించాం కాబట్టి తప్పు కూడా పలు చోట్ల బతుకుతుంది. అందుకని ప్రతి విడుదలకూ ఒక వరస నంబరు ఇచ్చి, అది ఏ మోడల్‌కు, ఏ తయారీ ఏడాదికి వర్తిస్తుందో, దాని నుంచి ఏయే రూపాలు వచ్చాయో ఒక పుస్తకంలో రాసి ఉంచాలి. డ్రాయింగు మారిన రోజే ఆ పుస్తకం తెరవాలి. పాత యంత్రాలు పొలాల్లో తిరుగుతూనే ఉంటాయి కాబట్టి పాత వీడియోను తీసేయకుండా, ఏ ఏడాది యంత్రానికో మొదట్లోనే తెలిసేలా సరిచేయాలి. పూర్తిగా ఉపసంహరించుకోవాల్సి వస్తే, ఆ నిర్ణయం ప్రచార విభాగం చేతిలో కాక సర్వీసు విభాగం అధిపతి చేతిలో ఉండాలి. తప్పు సీలు బిగించిన యంత్రం తిరిగి వచ్చేది అతని దగ్గరికే కదా.